ఫోను తెర నల్లదనం వెనుక రెండు అంకెల లెక్క

ఓఎల్ఈడీ ఫోను తెరను ఆపేసి ఎండలో పట్టుకుంటే నల్లగా కనిపిస్తుంది. నిజానికి ఆ తెర లోపల, వెలుగునిచ్చే పొరల అడుగున, అద్దంలా మెరిసే లోహపు పొర ఉంటుంది. దాని మీద పడిన ఎండ తిరిగి కంటికి కొట్టాలి. కొట్టకపోవడానికి కారణం తెర మీద అంటించిన రెండు పలుచని పొరలు: ఒకటి పోలరాయిడ్, దాని కింద క్వార్టర్ వేవ్ ప్లేటు. వాటి గుండా లోపలికి వెళ్లిన కాంతి బయటికి ఎందుకు రాలేదో చెప్పడానికి ఎమ్మెస్సీ ఆప్టిక్స్ విద్యార్థి జోన్స్ సదిశల్నీ మాత్రికల్నీ వాడతాడు. నాలుగు వరుసల్లో లెక్క తేలిపోతుంది.

కాంతి ప్రయాణిస్తున్నప్పుడు దాని విద్యుత్ క్షేత్రం ప్రయాణ దిశకు అడ్డంగా కంపిస్తుంది. ఆ కంపనాన్ని ఎప్పుడైనా రెండు భాగాలుగా విడదీయవచ్చు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఒక్కో భాగం ఎంత బలంగా ఉంది, ఏ దశలో ఉంది అన్న రెండు సంగతుల్నీ ఒకే సంకీర్ణ సంఖ్యలో ఇమిడ్చితే, ఆ రెండు సంఖ్యల జతే జోన్స్ సదిశ. అడ్డంగా కంపించే కాంతి [1, 0]. నిలువుగా అయితే [0, 1]. 45 డిగ్రీల వాలులో కంపిస్తే రెండు భాగాలూ సమానంగా, ఒకే దశలో ఉంటాయి కాబట్టి [1, 1], మొత్తం తీవ్రత 1 అయ్యేలా √2తో భాగిస్తారు. ఒక భాగం పావు ఆవర్తనం వెనకబడితే అక్కడ i వచ్చి చేరుతుంది. [1, i] అంటే కంపనం గీతలా ఉండదు, కొస గుండ్రంగా తిరుగుతుంది. దానినే వృత్తాకార ధ్రువణం అంటారు.

అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ క్లార్క్ జోన్స్ 1941లో ఈ పద్ధతిని ప్రచురించాడు. తర్వాత చాలా ఏళ్లు ఆయన పోలరాయిడ్ సంస్థలోనే పనిచేశాడు. కాంతి దారిలో పెట్టే ప్రతి వస్తువుకూ రెండు వరుసల, రెండు నిలువుల మాత్రిక ఒకటి ఉంటుందన్నది ఆయన చూపిన సులువు. కాంతి ఆ వస్తువును దాటడమంటే సదిశను ఆ మాత్రికతో గుణించడమే.

క్వార్టర్ వేవ్ ప్లేటు మాత్రిక చాలా చిన్నది. ప్లేటులో ఒక అక్షం వెంట కంపించే కాంతి వేగంగా, దానికి లంబంగా కంపించేది నిదానంగా వెళ్తుంది. బయటికి వచ్చేసరికి రెండింటికీ పావు తరంగదైర్ఘ్యం తేడా వస్తుంది. 550 నానోమీటర్ల పచ్చ కాంతికి ఆ తేడా సుమారు 137 నానోమీటర్లు. అంత తేడా రావాలంటే స్ఫటిక క్వార్ట్‌జ్ అయితే 15 మైక్రాన్ల మందం చాలు. ఫోన్లలో మాత్రం క్వార్ట్‌జ్ కాకుండా ప్లాస్టిక్ పొరలు వాడతారు. వేగపు అక్షం అడ్డంగా ఉంటే, ప్లేటు చేసేదల్లా రెండో అంకెను iతో గుణించడం.

ఇక అసలు ప్రయాణం. ఎండ ముందు పోలరాయిడ్‌ను దాటుతుంది. అక్కడ సగం పోయి, మిగిలింది 45 డిగ్రీల ధ్రువణంతో లోపలికి వస్తుంది. దాని తీవ్రతను 1 అనుకుని బయలుదేరితే:

```
పోలరాయిడ్ దాటాక          (1/√2) [1, i⁰] = (1/√2) [1, 1]
ప్లేటు దాటాక              (1/√2) [1, i]
లోహం నుంచి తిరిగాక       −(1/√2) [1, i]
ప్లేటు మళ్లీ దాటాక         −(1/√2) [1, −1]
```

రెండుసార్లు iతో గుణిస్తే −1. చివరి వరుసలోని [1, −1] అంటే రెండో వైపుకు 45 డిగ్రీలు వాలిన కాంతి, మొదటిదానికి సరిగ్గా లంబం. పోలరాయిడ్ దానిలోంచి [1, 1] దిశలో ఉన్న భాగాన్నే పోనిస్తుంది. 1×1 + 1×(−1) = 0. బయటికి వచ్చేది ఏమీ లేదు.

వృత్తాకార ధ్రువణంతో పనిచేసే సినిమాహాలు త్రీడీ కళ్లద్దాలు దొరికితే ఈ లెక్కను ఇంట్లోనే సరిచూడవచ్చు. వాటిలోనూ ఇవే రెండు పొరలు ఉంటాయి, తెర వైపు ప్లేటు, కంటి వైపు పోలరాయిడ్. తెర వైపు ముఖాన్ని అద్దం మీద ఆనించి పైనుంచి చూస్తే కాంతి పోలరాయిడ్, ప్లేటు, అద్దం, ప్లేటు, పోలరాయిడ్ అన్న వరుసలో వెళ్తుంది. అంతా నల్లగా కనిపిస్తుంది. తిప్పి పెడితే పోలరాయిడ్ అద్దానికి దగ్గరవుతుంది. దాన్ని దాటిన కాంతి అద్దాన్ని తాకి, అదే వాలుతో వెనక్కి వచ్చి, దాన్ని మళ్లీ దాటేస్తుంది, కాబట్టి అద్దం తెలుస్తూనే ఉంటుంది. పొరలు అవే, వరుస మారింది. మాత్రికల గుణకారంలో AB, BA ఒకటి కాకపోవడమంటే ఏమిటో ఇంత సూటిగా చూపించే ప్రయోగాలు తక్కువ. కాంతి మొదట కలిసే వస్తువు మాత్రికను కుడి చివర రాయాలన్న నియమం కూడా ఇక్కడే మనసుకు పడుతుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది అద్దం దగ్గర. అక్షాలను గదిలో కదలకుండా ఉంచితే, నిటారుగా పడిన కాంతికి అద్దం రెండు అంకెల గుర్తునూ మారుస్తుందంతే. కొన్ని పుస్తకాల్లో మాత్రం కాంతితోపాటు అక్షాలూ వెనక్కి తిరుగుతాయి. అప్పుడు ఒక అంకె గుర్తే మారుతుంది, కానీ 45 డిగ్రీల పోలరాయిడ్‌ను తిరుగు ప్రయాణంలో −45గా రాయాలి. ఆ రెండో మార్పు మరిచిపోతే, కాంతి మొత్తం బయటికి వస్తుందని లెక్క చెబుతుంది. తప్పును పట్టుకునే దారి ఒకటుంది. లెక్కలోంచి ప్లేటును తీసేసి చూడాలి. ఒట్టి పోలరాయిడ్ కింద అద్దం పెడితే కనిపించాలి. అక్కడ సున్నా వచ్చిందంటే అక్షాలు కలగలిసినట్టే.

పై సున్నా ఒక్క రంగుకే నిజం. 550 నానోమీటర్లకు 90 డిగ్రీల దశాభేదం ఇచ్చే ప్లేటు, 450 నానోమీటర్ల నీలానికి సుమారు 110 డిగ్రీలు ఇస్తుంది. వక్రీభవనం రంగుతో మారే తీరును వదిలేసి వేసిన అంచనా ఇది. రెండుసార్లు దాటితే 220. పోలరాయిడ్ గుండా బయటపడే తీవ్రత cos² 110°, అంటే దాదాపు 12 శాతం. 650 నానోమీటర్ల ఎరుపులో దాదాపు 6 శాతం బయటికి వస్తుంది. పచ్చ పూర్తిగా ఆగి, నీలం, ఎరుపు కొద్దికొద్దిగా తప్పించుకుంటే కంటికి తెలిసేది ఊదా ఛాయ. కళ్లద్దాలను అద్దం మీద పెట్టినప్పుడు ఆ నలుపును పరీక్షగా చూస్తే ఈ ఛాయ పట్టుబడే అవకాశం ఉంది. పొరను వంకరగా అంటించినా కాంతి తప్పించుకుంటుంది, కానీ అది అన్ని రంగులకూ వర్తిస్తుంది. పచ్చ రంగులో 5 డిగ్రీల తేడాకు 3 శాతం. కాబట్టి తప్పించుకున్న కాంతిలో పచ్చ ఉందో లేదో చూస్తే లోపం కోణంలో ఉందో, మందంలోనో ఊహించవచ్చు.

ఈ పద్ధతికి ఒక గట్టి హద్దు ఉంది. పైన లెక్క ఎండతో మొదలుకాలేదు, పోలరాయిడ్ దాటాకే మొదలైంది. ఎండకు జోన్స్ సదిశ లేదు. ధ్రువణం లేని కాంతిలో రెండు భాగాల మధ్య దశ క్షణక్షణం అస్తవ్యస్తంగా మారుతుంటుంది, దానికి ఒక స్థిరమైన జత రాయడం కుదరదు. అలాంటి కాంతికి 1852లో స్టోక్స్ ప్రతిపాదించిన నాలుగు సంఖ్యలు, వాటి మీద పనిచేసే ముల్లర్ మాత్రికలు కావాలి. అవి తీవ్రతల్ని నేరుగా కలుపుతాయి, కానీ తరంగం మొత్తం దశను చెప్పవు. రెండు కిరణాల వ్యతికరణాన్ని లెక్కించాలంటే మళ్లీ జోన్స్ దగ్గరికే రావాలి.

ఓఎల్ఈడీ పిక్సెల్ ఇచ్చే కాంతి కూడా ధ్రువణం లేనిదే. అందుకే ఎండను ఆపే పోలరాయిడ్ తెర సొంత వెలుగులోనూ సగానికి పైగా మింగేస్తుంది, ఆ లోటు భర్తీకి బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. 2021లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 3 మడత తెరలో ఆ పోలరాయిడ్‌ను తీసేసి, పిక్సెళ్ల మీద రంగు ఫిల్టర్లు పెట్టి ఎండ మెరుపును తగ్గించారు.