అంతర గాంధారంలో ఆ చిన్న వణుకు

తంబురాలో గాంధారానికి తీగ ఉండదు. అయినా మంద్ర షడ్జం తీగను మీటి చెవి పెట్టి వింటే, కాసేపటికి పైన ఎక్కడో సన్నగా అంతర గాంధారం పలుకుతుంది. దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. ఇందులో మాయేమీ లేదు. తీగ నిలువునా ఊగుతూనే, అదే సమయంలో రెండు, మూడు, నాలుగు, ఐదు సమ భాగాలుగా కూడా ఊగుతుంది. ఒక్కో ఊపు ఒక్కో అనుస్వరాన్ని పుట్టిస్తుంది. ఐదు భాగాల ఊపు నుంచి వచ్చేదే ఈ గాంధారం.

ఒక షడ్జాన్ని తీసుకుని లెక్క వేద్దాం. అది సెకనుకు 220 కంపనాలు అనుకుంటే, దాని ఐదో అనుస్వరం 1100. ఇది రెండు స్థాయిల పైన ఉంది కాబట్టి కిందికి దించడానికి రెండుసార్లు సగం చేయాలి. 275 వస్తుంది. షడ్జానికి ఒకటింబావు రెట్లు. శుద్ధమైన అంతర గాంధారం ఇదే.

ఇప్పుడు కీబోర్డు మీద అదే షడ్జం పట్టి గాంధారం మెట్టు నొక్కితే 275 రాదు, 277.2 వస్తుంది. అక్కడ ఒక స్థాయిని పన్నెండు సమానమైన మెట్లుగా కోశారు. షడ్జం నుంచి నాలుగు మెట్లెక్కితే గాంధారం ఎంత వస్తే అంతే.

రెండు కంపనాల తేడా ఒక లెక్కా అనిపించవచ్చు. గాంధారాన్ని విడిగా వినిపిస్తే చాలామంది పోల్చుకోలేరు కూడా. తేడా బయటపడేది షడ్జంతో కలిపి మోగించినప్పుడే. షడ్జం ఐదో అనుస్వరం 1100 దగ్గర ఉంది కదా. 275 గాంధారం నాలుగో అనుస్వరం కూడా సరిగ్గా 1100. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, నాదం నిశ్చలంగా ఉంటుంది. కీబోర్డు గాంధారం నాలుగో అనుస్వరం మాత్రం 1108.7. ఇంత దగ్గరగా ఉన్న రెండు ధ్వనులు ఒకసారి కలిసి బలపడతాయి, మరోసారి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. సెకనుకు దాదాపు తొమ్మిది సార్లు ధ్వని పెరిగి తగ్గుతుంది. ఇవే బీట్లు. గాంధారం గరగరలాడినట్టు, నిలకడ లేనట్టు అనిపించేది వీటివల్లే.

వినాలనుకుంటే ఆర్గన్ లాంటి సాగే ధ్వని ఎంచుకోండి. పియానో ధ్వని త్వరగా సన్నబడిపోతుంది, వణుకు పెద్దగా తెలియదు. అనుస్వరాలు దాదాపు లేని ధ్వని పెట్టుకుంటే ఢీకొనేవే ఉండవు కాబట్టి అసలు పరీక్షే కుదరదు.

పంచమం సంగతి వేరు. శుద్ధ పంచమం 330 అయితే కీబోర్డు ఇచ్చేది 329.6. బీట్లు సెకనుకు ఒకటైనా ఉండవు. సమాన మెట్ల మీద చెవికి ఫిర్యాదు ఉందంటే, నా ఉద్దేశంలో అది ముఖ్యంగా గాంధారం గురించే.

మరి గాంధారాన్ని శుద్ధంగా పెట్టేస్తే పోదా? 220 మీద శుద్ధ గాంధారం 275. దాన్నే షడ్జం అనుకుని మళ్లీ గాంధారం పడితే 343.75. ఇంకొకసారి చేస్తే 429.7. మూడు గాంధారాలెక్కితే కీబోర్డులో తార షడ్జం చేరాలి. కానీ తార షడ్జం 440, పది కంపనాలు తక్కువ పడ్డాయి. ఆ లోటును మూడు గాంధారాలకూ సమానంగా పంచితే ఒక్కోటీ కాస్త సాగాల్సి వస్తుంది.

16, 17 శతాబ్దాల్లో యూరప్‌లో చాలా ఆర్గన్లను మరో దారిలో శ్రుతి చేసేవారు. పంచమాలను కొద్దిగా కుదించి, ఎక్కువ వాడే గాంధారాలను శుద్ధంగా ఉంచేవారు. లోటు అంతా పోగై ఎక్కడో ఒక పంచమంలో పడేది. భరించలేని ఆ పంచమానికి తోడేలు అని పేరు పెట్టారు. ఆ వైపు శ్రుతుల్లో పాట కట్టేవారు కాదు.

కర్ణాటక గాయకుడికి ఈ తంటా లేదు. కచేరీ మొత్తానికీ షడ్జం ఒకటే. (గ్రహభేదం చేసినా తంబురా శ్రుతి మారదు.) అందుకే ఆయన గాంధారాన్ని ఉన్న షడ్జానికి సరిపడేలా నిలబెట్టుకోగలడు. అయితే ఇదంతా నిలిపి పాడిన గాంధారానికే వర్తిస్తుంది. గమకంతో ఊగే గాంధారానికి 275 అనే ఒక్క చోటంటూ ఉండదు.

ఒక్కో స్వరాన్ని విడిగా సర్దుకునే వీలు కొన్ని కీబోర్డుల్లో ఉంది. ఒక మెట్టును వంద సెంట్లుగా లెక్కిస్తారు. గాంధారాన్ని 14 సెంట్లు మెల్లగా దించుతూ పోతే బీట్లు నెమ్మదించి, చివరికి ఆగిపోవడం స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత ఆ దించిన స్వరం పంచమం అయ్యేలా మరో షడ్జం పట్టి చూడండి. మన లెక్కలో ఆ షడ్జం 185. దాని మూడో అనుస్వరం 555, మనం దించిన స్వరం రెండో అనుస్వరం 550. ఇందాక గాంధారంగా నిశ్చలంగా పలికిన స్వరమే ఇక్కడ పంచమంగా సెకనుకు ఐదుసార్లు వణుకుతుంది.