చివరి గది షవర్ చెప్పే సంగతి

హోటల్‌లో ఆరో అంతస్తు చివరి గది. షవర్ తిప్పి రెండు నిమిషాలైనా నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయంటే దాన్ని చిన్న అసౌకర్యంగా వదిలేయకూడదు. లెజియోనెల్లా బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది. తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి చేరితే తీవ్రమైన న్యుమోనియా తెస్తుంది.

అందుకే పంపు వేడినీళ్లను నిలవనివ్వకుండా పైపుల్లో తిప్పి ట్యాంకుకు తెస్తుంటుంది. ట్యాంకులో 60 డిగ్రీలు, తిరుగు పైపుల్లో కనీసం 50 ఉండాలి. కానీ నీరు సులువైన దారినే పోతుంది. నాలుగు నిలువు పైపులున్నాయనుకుందాం. పంపుకు దగ్గరి పైపులో తిరుగు నీరు 57, తర్వాతవి 54, 51, చివరిది 43. చివరి దాంట్లో ప్రవాహం తక్కువ కనుక, అన్నీ కలిసే చోట మీటరు 55 చూపిస్తుంది. ఆ ఒక్క అంకెను నమ్మితే మోసపోతాం.

పంపు మార్చే ముందు దగ్గరి పైపు బ్యాలెన్సింగ్ వాల్వును కొద్దిగా బిగించి, గంట ఆగి, నాలుగింటినీ విడివిడిగా కొలవాలి. అన్నీ 50 దాటేదాకా అలా సర్దుతూ పోవాలి. చివరిది ఎంతకీ కదలకపోతే గాలి చిక్కుకుందేమో, వాల్వు మూసి ఉందేమో చూడాలి.

ఖాళీ గదుల షవర్లకు మాత్రం ఈ సర్దుబాటు అందదు. వాటిని వారానికోసారైనా, తుంపర లేవకుండా, తిప్పి వదలాల్సిందే.