విభాగం మారే ఉద్యోగికి మేనేజర్ సిఫారసు లేఖ

సంస్థలోనే మరో విభాగానికి మారాలనుకునే ఉద్యోగి కోసం ప్రస్తుత మేనేజర్ రాసే సిఫారసు లేఖను కొత్త మేనేజరూ, హెచ్‌ఆర్ వాళ్లూ చదువుతారు. హాజరు, పాత రేటింగులు రికార్డుల్లో ఎలాగూ ఉంటాయి. లేఖ ఇవ్వాల్సింది కొత్త పని చేయగలరన్న రుజువు. కస్టమర్ సపోర్ట్ నుంచి టెస్టింగ్‌కు వెళ్లే ఒక ఉద్యోగిని సంగతే చూస్తే, ‘బాగా కష్టపడుతుంది’ అన్న మాట అక్కడ దేనికీ కొరగాదు. ‘బిల్లులో పన్ను రెండుసార్లు పడుతోందన్న ఫిర్యాదులన్నీ పక్కపక్కన పెట్టి చూసి, కూపన్ వాడినప్పుడే అలా జరుగుతోందని కనిపెట్టింది’ అన్న వాక్యం మాత్రం టెస్టర్‌కు కావాల్సిన నేర్పును కళ్లకు కడుతుంది. ఆటోమేషన్ ఇంకా రాదన్న సంగతీ రాయాలి. దాస్తే మొదటి నెలలోనే ఇబ్బంది పడేది ఆమే. చాలామంది మేనేజర్లు మరిచిపోయేది రిలీవింగ్ తేదీ. చేతిలో ఉన్న పనిని ఎవరికి, ఎప్పటిలోగా అప్పగిస్తారో రాయకపోతే, అందరూ ఒప్పుకున్న బదిలీ కూడా వారాల తరబడి ఆగిపోతుంది.