లిఫ్ట్ ఆగింది: వాట్సాప్ మెసేజ్ నుంచి నివేదిక దాకా

లిఫ్ట్ ఆగినప్పుడు సూపర్‌వైజర్ గ్రూపులో పెట్టే మెసేజ్‌లు ఆ నిమిషానికి పనికొస్తాయి. మర్నాడు కమిటీ చేతికి, ఏఎంసీ కంపెనీకి, ఒక్కోసారి బీమా వాళ్లకి వెళ్లే ఘటన నివేదికకు అవి ముడిసరుకు మాత్రమే. హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి మెసేజ్‌లు వచ్చాయనుకుందాం.

9:12 – సార్, బి బ్లాక్ లిఫ్ట్ మళ్లీ ఆగింది. లోపల ఇద్దరున్నారు.
9:14 – కరెంట్ పోయిందనుకుంటా.
9:20 – టెక్నీషియన్‌కి ఫోన్ చేశా. దార్లో ఉన్నాడంట. ఎన్నిసార్లు చెప్పినా వీళ్లింతే.
9:41 – ఇద్దర్నీ బయటికి తీశాం.
10:35 – డోర్ దగ్గర ప్రాబ్లం అంట. క్లీన్ చేశాడు. ఇప్పుడు ఓకే.

ముందుగా తేల్చాల్సింది సమయం. 9:12 అనేది మెసేజ్ పంపిన సమయమే గానీ లిఫ్ట్ ఆగిన సమయం కాదు. సెక్యూరిటీ రిజిస్టర్‌లో అలారం మోగింది 9:05కి అని ఉంది. నాలుగో అంతస్తు సీసీ కెమెరాలో ఇద్దరూ బయటికి వచ్చింది 9:39కి. అంటే వాళ్లు లోపల ఉన్నది 34 నిమిషాలు. మెసేజ్‌లనే నమ్మితే 29 అని పడేది. గోడ గడియారం, కెమెరా, ఫోను ఒకే టైం చూపించవు కాబట్టి ప్రతి సమయం పక్కనా అది ఎక్కడి నుంచి తీసుకున్నదో రాయాలి.

అసలు చిక్కు కారణం దగ్గరే వస్తుంది. ‘కరెంట్ పోయిందనుకుంటా’ అన్నది ఊహ. దాన్ని నివేదికలోకి ఎక్కించే ముందు పరీక్షించాలి. కరెంట్ పోతే చాలా లిఫ్టుల్లో ఏఆర్‌డీ అనే బ్యాటరీ పరికరం క్యాబిన్‌ను దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరుస్తుంది. ఇక్కడ అలా జరగలేదు. అయితే ఆ బ్యాటరీ పాడైనా జరగదు గనక ఈ ఒక్క సాక్ష్యం చాలదు. పక్క లిఫ్ట్ నడుస్తూనే ఉంది, జనరేటర్ లాగ్‌బుక్‌లో ఆ పూట నమోదు లేదు. ఈ రెండూ కలిస్తే కరెంట్ మాట కొట్టేయొచ్చు.

‘డోర్ దగ్గర ప్రాబ్లం’ నిజమే గానీ దాంతో ఎవరికీ ఏమీ తెలియదు. టెక్నీషియన్ సర్వీస్ స్లిప్‌లో రాసింది నాలుగో అంతస్తు తలుపు లాక్ కాంటాక్ట్ దుమ్ము పట్టి వదులైందని. ప్రతి అంతస్తు తలుపుకీ ఉండే ఈ కాంటాక్టులన్నీ ఒకే గొలుసులా వరసగా కలిపి ఉంటాయి. ఎక్కడ ఒక్కటి విడిపోయినా తలుపు తెరుచుకుందని భావించి కంట్రోలర్ మోటార్‌ను ఆపేస్తుంది, బ్రేక్ పడుతుంది. ఆ అంతస్తులో టైల్స్ కోయడం వల్లే దుమ్ము పట్టిందని టెక్నీషియన్ అనుకుంటే, అది అతని అభిప్రాయంగానే నమోదు కావాలి.

‘బయటికి తీశాం’ అన్నప్పుడు ఎవరు, ఎలా తీశారన్నది రాయకపోతే పెద్ద లోపమే. శిక్షణ లేని గార్డు తాళంతో తలుపు తెరిచి, రెండు అంతస్తుల మధ్య నిలిచిన క్యాబిన్‌లోంచి మనుషుల్ని దింపితే కింది ఖాళీలోంచి బావిలోకి పడిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ ఆ పని టెక్నీషియనే చేశాడు. మెయిన్ స్విచ్ ఆపి, బ్రేక్‌ను కొద్దికొద్దిగా వదులుతూ క్యాబిన్‌ను అంతస్తుకు సమంగా తెచ్చాడు. ఇద్దరే ఉన్నందున ఎదురు బరువు ఎక్కువై క్యాబిన్ పైకే కదిలింది.

‘వీళ్లింతే’ అన్న విసుగుకు నివేదికలో చోటు లేదు. కానీ దాని వెనకున్న విషయాన్ని వదిలేయకూడదు. ‘మళ్లీ’ అన్న మాట పట్టుకుని బ్రేక్‌డౌన్ రిజిస్టర్ తిరగేస్తే పది రోజుల కిందట ఇదే లిఫ్ట్ ఆగినట్టు దొరికింది. ఇవన్నీ సర్దుకున్నాక నివేదిక ఇలా ఉంటుంది:

ఘటన: ఆగస్టు 12 ఉదయం 9:05కి (సెక్యూరిటీ రిజిస్టర్) బి బ్లాక్ లిఫ్ట్ పైకి వెళ్తూ 3, 4 అంతస్తుల మధ్య నిలిచిపోయింది. లోపల ఇద్దరు నివాసులు ఉన్నారు. ఎవరికీ గాయాలు కాలేదు.

కారణం: 4వ అంతస్తు తలుపు లాక్ కాంటాక్ట్ వదులై భద్రతా సర్క్యూట్ తెగింది (సర్వీస్ స్లిప్). టైల్స్ పని దుమ్ము కారణం కావచ్చని టెక్నీషియన్ అభిప్రాయం, నిర్ధారణ కాలేదు. విద్యుత్ అంతరాయం లేదు. ఆగస్టు 2న ఇదే లిఫ్ట్ ఆగింది. అప్పటి కారణం నమోదు కాలేదు.

చర్య: 9:20కల్లా ఏఎంసీ కంపెనీకి ఫోన్ చేయడమైనది (సూపర్‌వైజర్ మెసేజ్). టెక్నీషియన్ 9:33కి వచ్చి (గేటు రిజిస్టర్), బ్రేక్ వదిలి క్యాబిన్‌ను 4వ అంతస్తుకు చేర్చగా 9:39కి (సీసీ కెమెరా) ఇద్దరూ బయటికి వచ్చారు. కాంటాక్ట్ శుభ్రం చేసి బిగించి, అన్ని అంతస్తులకూ నడిపి చూసి 10:30కి లిఫ్ట్‌ను వాడకానికి ఇచ్చారు (సర్వీస్ స్లిప్).

మిగిలిన పని: కాంటాక్ట్ మార్పిడి, మిగతా అంతస్తుల కాంటాక్టుల తనిఖీ. బాధ్యత: ఏఎంసీ కంపెనీ. గడువు: ఆగస్టు 16. ఏఆర్‌డీ బ్యాటరీ పరీక్ష అదే రోజు, సూపర్‌వైజర్ సమక్షంలో.