మూడు హైబ్రిడ్‌లు: దర్శి నుంచి ఒంగోలుకి బండిని లాగేది ఎవరు?

కారు వెనక ‘హైబ్రిడ్’ అని రాసి ఉంటే అన్నీ ఒకటే అనుకోకండి. దర్శి నుంచి ఒంగోలుకి యాభై కిలోమీటర్ల పైనే కదా, అదే దారిలో మూడు రకాలనీ నడిపి చూద్దాం.

మొదటిది మైల్డ్ హైబ్రిడ్. మారుతి గ్రాండ్ విటారా 2022లో వచ్చినప్పుడు ఇది కూడా ఒక రకం. ఇందులో మోటారు చిన్నది, బెల్టుతో ఇంజిన్‌కి కట్టి ఉంటుంది. దర్శి సెంటర్‌లో బండి ఆగితే ఇంజిన్ ఆగుతుంది, మళ్లీ స్టార్ట్ చేసేది, ఎత్తుకునేటప్పుడు కాస్త చెయ్యి వేసేది ఈ మోటారే. అంతే! ఒంటరిగా చక్రాలు తిప్పలేదు. అంటే ఒంగోలు దాకా లాగేది పెట్రోలే.

రెండోది ఫుల్ హైబ్రిడ్, మనవాళ్లు స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటారు. అదే గ్రాండ్ విటారాలో ఇంకో రకం. ఇక్కడ మోటారు పెద్దది, 59 కిలోవాట్లు. సెంటర్‌లో మెల్లగా కదిలేటప్పుడు ఇంజిన్ ఆఫ్‌లోనే ఉండి, మోటారే లాగుతుంది. స్క్రీన్ మీద EV అని కనిపిస్తే అదే గుర్తు. కానీ బ్యాటరీ ఎంతో తెలుసా? 0.76 యూనిట్లు! కిలోమీటరుకి 0.15 యూనిట్ వేసుకుంటే, మొత్తం వాడినా 5 కిలోమీటర్లు. బ్యాటరీ పాడవకుండా మధ్య భాగమే వాడతారు కాబట్టి ఇంకా తక్కువే. మరి లాభం ఎక్కడ? బ్రేక్ వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని పట్టి, మళ్లీ కదిలేటప్పుడు వాడుకోవడంలో. ఊరు దాటి ఒకే స్పీడులో పోతుంటే బ్రేకులే పడవు. అప్పుడు పని ఎక్కువగా ఇంజిన్‌దే. అందుకే కంపెనీ చెప్పే 27.97 మైలేజీకి ఖాళీ రోడ్డు కంటే ఆగి ఆగి వెళ్లే ట్రాఫిక్‌లోనే దగ్గరగా రావచ్చు.

మూడోది ప్లగ్-ఇన్. అమెరికాలో ఉన్న మన బంధువుల దగ్గర ప్రియస్ ప్లగ్-ఇన్ చూసి ఉంటారు. 2023 మోడల్‌లో బ్యాటరీ 13.6 యూనిట్లు, అక్కడి లెక్కలో 70 కిలోమీటర్ల దాకా కరెంటు మీదే వెళ్తుంది. రాత్రి ఇంట్లో ప్లగ్ పెడితే ఒంగోలు దాకా పెట్రోల్ దాదాపు ముట్టదు. తిరుగు ప్రయాణంలో ఛార్జింగ్ అయిపోయాక మాత్రం అది మామూలు ఫుల్ హైబ్రిడ్డే, పైగా పెద్ద బ్యాటరీ బరువు మోస్తూ. ప్లగ్ పెట్టే అలవాటు లేనివాళ్లకి ఆ డబ్బు దండగ.

కాబట్టి షోరూమ్‌లో ‘హైబ్రిడ్ ఉందా?’ అని కాదు, ‘ఇంజిన్ ఆఫ్ చేసి ఎంత దూరం పోతుంది?’ అని అడగండి. లేదు అంటే మైల్డ్, ఒకటి రెండు కిలోమీటర్లు అంటే ఫుల్, పదుల్లో చెబితే ప్లగ్-ఇన్. తర్వాత మీ రోజువారీ దారిలో బ్రేకులు ఎన్ని పడతాయో లెక్కేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!