గోల్కొండ ముట్టడిలో తారుమారైన కాలం

‘1687 తొలి నెలల్లో ఔరంగజేబు గోల్కొండ ముందు డేరాలు వేశాడు. బీజాపూర్ పడిపోయింది. అతని కొడుకు సేన హైదరాబాదులో చొరబడింది. సుల్తాను తానాషా కోటలోకి పారిపోయాడు. అక్కన్న, మాదన్నలను చంపేశారు. ఫిరంగులు పేలాయి.’

ఒక ఇంగ్లిష్ చరిత్ర కథనాన్ని తెలుగు చేస్తే ఇలాంటి పేరా తేలిగ్గా తయారవుతుంది. ఇందులో ఏ వాక్యమూ అబద్ధం కాదు. కానీ చదివినవాడికి ఔరంగజేబు డేరా వేశాక బీజాపూర్ పడిందనీ, ఆ తరవాత మంత్రులు హతులయ్యారనీ, వెంటనే ఫిరంగులు మోగాయనీ అర్థమవుతుంది. జరిగింది వేరు. మొగలు సేన హైదరాబాదులోకి వచ్చింది 1685లో. అక్కన్న, మాదన్నల హత్య 1686 మొదట్లో. బీజాపూర్ పడింది అదే ఏడాది సెప్టెంబరులో. ఇవన్నీ అయ్యాకే గోల్కొండ ముట్టడి మొదలైంది.

ఇంత తప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంగ్లిష్ రచయిత పొరపాటేమీ చేయలేదు. వెనక్కి వెళ్లేటప్పుడు మొదటి క్రియకు ముందు ఒక ‘హ్యాడ్’ తగిలించాడు. మహా అయితే రెండో క్రియకూ తగిలించి, తరవాత మామూలు భూతకాలంలోకి దిగిపోయాడు. ప్రతి క్రియకూ హ్యాడ్ పెడితే అక్కడ ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఇది పాత సంగతి’ అని ఒక్కసారి చెబితే ఆ పాఠకుడు గుర్తుపెట్టుకుంటాడు. ఫిరంగుల దగ్గరికి వచ్చేసరికి, తిరిగి ముట్టడిలోకి వచ్చామని సందర్భాన్నిబట్టి గ్రహిస్తాడు.

తెలుగు క్రియకు ఆ హ్యాడ్ లేదు. ‘పడిపోయింది’ అంటే నిన్న పడిపోయినా, నిన్నటికి ఏడాది ముందు పడిపోయినా ఒకటే రూపం. ‘పడిపోయి ఉంది’ అని రాసి ఆ లోటు తీర్చబోయేవాళ్లున్నారు. దానికి తెలుగు చెవికి వచ్చే అర్థం ‘ఇప్పుడు ఆ స్థితిలో ఉంది’ అని. గోడ పడిపోయి ఉంటుంది, రాజ్యం అలా ఉండదు. పైగా తెలుగులో ముగింపు క్రియలు వరసగా పడితే, చెప్పిన వరసే జరిగిన వరస అనుకోవడం పాఠకుడికి అలవాటు. కథలు చెప్పుకునే తీరే అది.

అందువల్ల క్రియ చేసే పనిని ఇక్కడ వేరే మాటలు చేయాలి. ‘అప్పటికే’, ‘అంతకు ముందే’, ‘పడేనాటికి’, ‘పడకముందే’ లాంటివి. చివరిదాన్ని చూడండి: కోట తరవాత పడినా సరే, ‘పడకముందే’ అని లేదన్న రూపంలో చెబుతాం. అందులో కాలం గుర్తే లేదు, అయినా ఏది ముందో ఏది వెనకో తడబాటు లేకుండా తెలిసిపోతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు ఒక గుర్తు పెట్టడం అందరూ చేస్తారు. మళ్లీ ముందుకు వచ్చేటప్పుడు రెండో గుర్తు పెట్టడం మర్చిపోతారు. ఇంగ్లిష్‌లో అది కనిపించదు కాబట్టి అనువాదంలోకీ రాదు. పై పేరాను ఇలా దిద్దవచ్చు:

‘1687 తొలి నెలల్లో ఔరంగజేబు గోల్కొండ ముందు డేరాలు వేశాడు. కిందటి సెప్టెంబరుకే బీజాపూర్ అతని వశమైంది. గోల్కొండకు మాత్రం అంతకన్నా ముందే దెబ్బ తగిలింది. 1685లో అతని కొడుకు సేన హైదరాబాదులో చొరబడితే సుల్తాను తానాషా కోటలోకి పారిపోయాడు. మరుసటి ఏడాది అక్కన్న, మాదన్నలను చంపేశారు. ఇప్పుడు, 1687లో, ఆ కోట మీదికే ఫిరంగులు పేలాయి.’

ఇందులోనూ ఒక మాట గుచ్చుకుంటుంది: ‘కిందటి సెప్టెంబరు’. కిందటి, గత, నిరుడు, నిన్న, రేపు లాంటివి మాట్లాడేవాణ్ణి పట్టుకుని ఉంటాయి. వార్తాపత్రికలో ‘గత సెప్టెంబరు’ అంటే పేపరు చదువుతున్న రోజుకు ముందరి సెప్టెంబరు. చరిత్ర పుస్తకంలో కథనానికి ఒక రోజు ఉంటుంది, పాఠకుడికి ఇంకో రోజు ఉంటుంది. కాబట్టి ‘అంతకు ముందు సెప్టెంబరు’ అనాలి. అలాగే ‘మూడేళ్ల కిందట’ కాదు, ‘అంతకు మూడేళ్ల ముందు’. ‘రేపు’ కాదు, ‘మర్నాడు’. పైన ‘ఇప్పుడు’ కూడా పాఠకుడి ఇప్పుడే. పక్కన సంవత్సరం ఉండబట్టి నిలబడింది గానీ, లేకపోతే ‘అప్పుడు’ అనడమే క్షేమం.

ఈ జాగ్రత్త ఒక్కచోట తిరగబడుతుంది. ఎవరో చెప్పిన మాటను ‘అని’తో కలిపి రాసేటప్పుడు ‘రేపు’ నిక్షేపంగా ఉండవచ్చు. దూత మాట ఒకటి ఊహించుకుందాం. పాదుషా వస్తున్నాడన్న కబురును ఇంగ్లిష్ వాక్యం భూతకాలంలోకి నెడుతుంది, ఎందుకంటే ‘చెప్పాడు’ భూతకాలం గనక. దాన్ని కళ్లు మూసుకుని దించితే ‘పాదుషా వస్తూ ఉండేవాడని చెప్పాడు’ అవుతుంది. అప్పుడు పాదుషా రావడం ఏదో పాత అలవాటు, ఇప్పుడు మానేశాడు అనిపిస్తుంది. తెలుగులో దూత నోట ఏ కాలం ఉందో అదే ఉంచాలి: ‘పాదుషా వస్తున్నాడని చెప్పాడు.’ తిరిగి రావడం గురించి అయితే ‘రేపు వస్తానన్నాడు.’ ఇంగ్లిష్ భూతకాలాన్ని నమ్ముకుని ‘వచ్చానన్నాడు’ అని రాస్తే, రాబోయే సంగతి జరిగిపోయిన సంగతి అవుతుంది.

‘వుడ్’ అనే మాటతో మరో చిక్కు. అది రెండు పనులు చేస్తుంది. రోజూ సాయంత్రం బురుజు మీదికి వచ్చేవాడని చెప్పడానికీ అదే, తరవాత జరగబోయేదాన్ని ముందే చెప్పడానికీ అదే. కోట 1687 సెప్టెంబరులో పడింది. తానాషాను బందీగా దౌలతాబాదు పంపారు. ఆయన బతికున్నంతకాలం అక్కడే ఉంటాడని ఇంగ్లిష్ రచయిత వుడ్‌తో అంటాడు. ‘గడిపేవాడు’ అంటే అర్థం తప్పు. ‘గడపబోతున్నాడు’ అంటే డాక్యుమెంటరీలో వెనక నుంచి వినిపించే గొంతులా ఉంటుంది. ‘ఆ తరవాత చనిపోయేదాకా దౌలతాబాదులోనే ఉన్నాడు’ అంటే సరిపోతుంది. భవిష్యత్తును భూతకాలంలోకి మార్చేశామన్న బెంగ అనవసరం, ‘ఆ తరవాత’ ఆ పని చూసుకుంటుంది.

ఉత్సాహం ఎక్కువైన అనువాదకులు ముట్టడిని కళ్లకు కట్టించాలని ‘ఔరంగజేబు వస్తాడు, సొరంగాలు తవ్విస్తాడు’ అని మొదలుపెడతారు. తెలుగులో ‘వస్తాడు’ రోజూ వచ్చేవాడికీ, రేపు వచ్చేవాడికీ ఒకటే. ఒక ఘట్టం మొత్తం ఆ రూపంలోనే నడిపితే పాఠకుడు సర్దుకుంటాడు. నడుమ ‘కోట లొంగలేదు’ అని ఒక్క భూతకాలం దూరితే ఆ తరవాతి ‘పేలుస్తాడు’ భవిష్యత్తులా వినిపిస్తుంది. మారాలనుకుంటే పేరా మారేచోట మారడం మంచిది.

ఇవన్నీ ప్రతి వాక్యం దగ్గరా ఆలోచిస్తూ కూర్చుంటే పని సాగదు. అందుకని చిత్తుప్రతి అయ్యాక, మూలం పక్కన పెట్టి, ఒక్కో ముగింపు క్రియ పక్కన మార్జిన్‌లో సంవత్సరం వేసుకుంటూ పోవాలి: 87, 86, 85, 85, 86, 87. అంకె వెనక్కో ముందుకో గెంతిన ప్రతిచోటా తెలుగు వాక్యంలో కాలం చెప్పే మాట ఒకటి కనిపించాలి. లేకపోతే అక్కడే పాఠకుడు దారి తప్పుతాడు. ‘పదహారు వందల ఎనభైలు’ అనేదాన్ని 16వ శతాబ్దంగా రాసేసిన తప్పు కూడా ఈ మార్జిన్‌లోనే బయటపడుతుంది. అది 17వ శతాబ్దం.

మార్జిన్‌లో అంకె వేయడానికి వీల్లేని మాటలు కొన్ని మిగులుతాయి: ‘నేడు’, ‘ఇప్పటికీ’, ‘ఈ మధ్య’. రాబర్ట్ స్యూయెల్ విజయనగరం మీద రాసిన పుస్తకం 1900లో అచ్చయింది. అలాంటి పుస్తకంలో ఒక గోడ ఇప్పటికీ నిలిచి ఉందని ఉంటే, అనువాదకుడు ‘1900 నాటికి నిలిచే ఉంది’ అని రాయాలి, లేదంటే ఆ గోడను వెళ్లి చూసి రావాలి.