మూడు సెకన్ల తోపు, ఒక్క సెకను ఊపు

సెకనుకోసారి ఊగే స్ప్రింగుకు ఒక బరువు కట్టి ఉంది, ఘర్షణ లేదనుకుందాం. ఒకే బలంతో కాసేపు కుడికి, అంతేసేపు ఎడమకు తోస్తూ పోతే అది చతురస్ర తరంగం. ఒక్కో తోపు a సెకన్లుంటే, ఒక యూనిట్ బలానికి లాప్లాస్ రూపం tanh(as/2)/s. అంతూపొంతూ లేని తరంగమంతా ఈ చిన్న సూత్రంలో ఇమిడిపోతుంది!

a = 1 అయితే స్ప్రింగు సహజ పౌనఃపున్యం దగ్గర tanh సున్నా. ప్రతి తోపు చివరా బరువు మొదటి చోటికే వచ్చి ఆగుతుంది, ఊపు పెరగదు. a = 1.5 అయితే అక్కడే tanh అనంతం. నిలకడగా లాగితే ఆ బలానికి స్ప్రింగు 1 సెం.మీ. సాగేదనుకోండి, దిశ మారే ప్రతిసారీ బరువు 2, 4, 6 సెం.మీ. దూరాన, ఓసారి కుడివైపు, ఓసారి ఎడమవైపు ఉంటుంది. మూడు సెకన్ల తరంగంలోని మూడో హార్మోనిక్ ఆవర్తనం సరిగ్గా ఒక సెకను మరి. రంపపు పళ్ల తరంగంలో సరిసంఖ్య హార్మోనిక్‌లూ ఉంటాయి కాబట్టి, రెండు సెకన్ల ఆవర్తనంతోనూ ఊపు పెరుగుతూనే పోతుంది.